పీహెచ్‌డీ ప్రవేశానికి ఉద్దేశ ప్రకటన: మా ఇంటి సవర భాష, క్రియలో ఒదిగే నామం

ప్రవేశ సంఘం సభ్యులకు నమస్కారం.

చీకటి పడ్డాక మా నాయనమ్మ మమ్మల్ని గడప దాటనిచ్చేది కాదు. ఎవరైనా కాలు బయట పెడితే ఒకే ఒక మాట అనేది: ఞమ్‌కిద్‌తమ్. పులి నిన్ను పట్టుకుంటుంది అని అర్థం. తెలుగులో మూడు మాటలు కావాలి, సవరలో ఒక్కటి చాలు. చిన్నప్పుడు ఆ మాటకు భయపడ్డాను తప్ప, అందులో ఏముందో ఆలోచించలేదు.

పన్నెండేళ్ళ తరువాత భాషాశాస్త్రం ఎం.ఎ. మొదటి సంవత్సరంలో, పదనిర్మాణం పాఠం చెబుతూ మా అధ్యాపకురాలు అదే మాటను రోమన్ అక్షరాల్లో బోర్డు మీద రాశారు. ముక్కలు విడదీసి చూపించారు. ఞమ్ అంటే పట్టుకోవడం. కిద్ అంటే పులి. పులిని విడిగా చెప్పాలంటే కినా అంటాం, క్రియలోకి వచ్చేసరికి అది కురచై కిద్ అవుతుంది. త్ అన్నది జరగబోయే పనికి గుర్తు. అమ్ అంటే నిన్ను. క్రియలో కర్మ కలిసిపోయే భాషలు ప్రపంచంలో చాలా ఉన్నాయనీ, సకర్మక క్రియలో కర్త కలవడం మాత్రం సాధ్యం కాదని వాదించిన సిద్ధాంతాలున్నాయనీ, ఆ వాదాన్ని ఇరుకున పెట్టే ఉదాహరణల్లో ఇదొకటనీ ఆమె చెప్పారు. తరగతిలో ఆ మాటను పైకి చదవగలిగినది నేనొక్కదాన్నే. చదివాను. ఆ గంటలో మిగిలిన పాఠం నాకు గుర్తులేదు.

మాది సీతంపేట మండలంలోని కొండ మీద ఒక చిన్న గూడ. నేను పుట్టినప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ఐదేళ్ళ వయసులో ఆశ్రమ పాఠశాలకు వెళ్ళేనాటికి నాకు తెలుగు రాదు. రెండేళ్ళలో వచ్చింది, మూడో ఏడాదికి సవర వెనక్కి తగ్గడం మొదలైంది. సెలవులకు ఇంటికి వెళితే నాయనమ్మ సవరలో అడిగేది, నేను తెలుగులో జవాబు చెప్పేదాన్ని. ఆమె ఎప్పుడూ కోప్పడలేదు, మళ్ళీ సవరలోనే అడిగేది.

బడిలో జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే నా పరిశోధన ఆసక్తికి అదే తొలి బీజం. మా లెక్క పన్నెండు దగ్గర మలుపు తిరుగుతుంది. అబొయ్, బాగు, యాగి అని మొదలై పది గెల్జి, పదకొండు గెల్ముయ్, పన్నెండు మిగ్గెల్. పదమూడును మిగ్గెల్‌బొయ్ అంటాం, అంటే పన్నెండూ ఒకటి. పందొమ్మిది మిగ్గెల్‌గుల్జి, అంటే పన్నెండూ ఏడు. ఇరవై వచ్చేసరికి బొకొడి, అంటే ఒక ఇరవై. అక్కడి నుంచి లెక్క ఇరవైల మీద నడుస్తుంది. ముప్పై రెండు కావాలంటే ఇరవైకి పన్నెండు కలపాలి. పదుల్లో లెక్కించమన్నప్పుడు నేను ఇరవైల్లోకి జారిపోయేదాన్ని. ఈ పిల్లకు లెక్క రాదు అన్నారు. సంతలో కొండచీపుళ్ళు కట్టలు కట్టి అమ్మే నాయనమ్మ జీవితంలో ఒక్కసారి కూడా లెక్క తప్పలేదు. మా ఇంట్లో ఉన్నది లెక్క రాకపోవడం కాదు, వేరొక లెక్క అని నాకు చెప్పేవాళ్ళు అప్పుడు లేరు. చెప్పి ఉంటే భాషాశాస్త్రానికి ఇంకా ముందే వచ్చి ఉండేదాన్ని.

ప్రతి ఆగస్టు 29న మా బడిలో తెలుగు భాషా దినోత్సవం జరిపేవాళ్ళం. గిడుగు రామమూర్తి గారి పటానికి దండ వేసి, వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి వ్యాసాలు రాసేవాళ్ళం. ఆయన మా భాష నేర్చుకున్నారని, దానికి వ్యాకరణం రాశారని ఆ వ్యాసాల్లో ఎక్కడా ఉండేది కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, సవర తెలిసిన మనిషిని ఇంట్లో ఉంచుకుని మాట మాటా నేర్చుకున్నారు. సవర భాషా గ్రంథాన్ని 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువును 1938లో తెచ్చారు. కొండల్లో తిరిగి జ్వరాలపాలై, వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. ఒక భాషను వినడం కోసం వెళ్ళిన మనిషికి అలా జరిగిందన్న సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆయన నేర్చుకున్న మా భాషలో, తల మీద నూనె రాసుకుంటాను అనడానికి జొమెబొబ్‌దెంతెనాయ్ అనే ఒక్క క్రియ చాలు. అందులో నూనె ఉంది, తల ఉంది, తనకు తానే చేసుకోవడం ఉంది, నేను అన్నదీ ఉంది.

ఎం.ఎ. లఘు పరిశోధన కోసం రెండు వేసవులు ఇంటి దగ్గరే రికార్డు చేశాను. మొదటి వేసవి దాదాపు వృథా అయింది. ఫోనులో చేసిన రికార్డింగుల్లో రేకుల కప్పు మీద వాన చప్పుడు తప్ప కొన్నిచోట్ల ఏమీ వినిపించదు. అంతకంటే పెద్ద పొరపాటు నేను అడిగిన తీరు. “పులి మనిషిని పట్టుకుంది, దీన్ని ఎలా అంటారు?” అని తెలుగులో అడిగేదాన్ని. తెలుగు వాక్యం ఏ వరుసలో ఉంటే అదే వరుసలో, పులి విడిగా, మనిషి విడిగా, సవర వాక్యం వచ్చేది. నాయనమ్మ కూడా అలాగే చెప్పింది. తెలుగు అచ్చులో పోసి సవరను బయటకు తీసి, సవర తెలుగులా ఉందని రాసుకున్నాను. ఆ నోటుబుక్కు ఇప్పటికీ దగ్గర పెట్టుకున్నాను.

రెండో వేసవిలో ప్రశ్నలు మానేశాను. రికార్డరు నడుముకు కట్టుకుని పోడులో కలుపు తీసేచోట, చింతపండు కొట్టేచోట, రాత్రి పొయ్యి దగ్గర కూర్చున్నాను. పదకొండు గంటల మాటలు దొరికాయి. నాయనమ్మ, ఆమె తోటివాళ్ళ సంభాషణల్లో నామం క్రియలో ఒదిగిన రూపాలు అడుగడుగునా వినిపించాయి. మా నాన్న తరంలో అవి ఉన్నాయి, కొన్ని క్రియలకే పరిమితమయ్యాయి. పద్నాలుగేళ్ళ మా తమ్ముడు ఆ మాటలు వింటే అర్థం చేసుకుంటాడు. తాను మాట్లాడేటప్పుడు మాత్రం పూర్తి నామాన్ని బయటే ఉంచి, క్రియను ఒంటరిగా వాడతాడు. ఞమ్‌కిద్‌తమ్ వాడికి బెదిరింపుగా తెలుసు, అందులో పులి ఉందని తెలియదు. నేను విడదీసి చెబితే ఆశ్చర్యపోయాడు.

ఇది ఒక్క ఇంట్లో గమనించినది. దీన్నిబట్టి భాష గురించి తీర్పు చెప్పలేనని నాకు తెలుసు. వయసు పెరిగితే వాడూ ఆ రూపాలు వాడతాడేమో, పెద్దల మాటతీరుగా వాటిని పక్కన పెట్టుకున్నాడేమో. తేల్చడానికే పరిశోధన కావాలి. నా ప్రశ్న ఇది: సవర క్రియలో నామం ఒదిగే పద్ధతి మూడు తరాల మధ్య నిజంగా తగ్గుతోందా? తగ్గితే ముందుగా పోతున్నవి ఏవి, పులి వంటి కర్తలా, నూనె వంటి కర్మలా, తల, చేయి వంటి శరీర భాగాలా? తెలుగుతో సంబంధం దీనికి ఎంతవరకు కారణం?

2011 జనగణనలో సవర మాట్లాడేవారు నాలుగు లక్షలకు పైనే. ఇంతమంది ఉన్న భాషకు ఇప్పుడే తొందరేమిటని నన్ను చాలామంది అడిగారు. మనుషుల లెక్క భాష లోపల ఏది ఉందో, ఏది పోయిందో చెప్పదు. మా తమ్ముడు ఆ లెక్కలో సవర మాట్లాడేవాడే. వాడి నోట లేని క్రియారూపాలు ఏ జనగణనకూ అందవు.

మూడేళ్ళలో రెండు చోట్ల పని చేయాలనుకుంటున్నాను. ఒకటి సీతంపేట కొండల్లో, తెలుగు ఊళ్ళకు దగ్గరగా. రెండోది ఒడిశా గజపతి జిల్లా వైపు, ఇంట్లోనూ సంతలోనూ సవరే ఎక్కువగా నడిచే ఒక ఊరు. తెలుగు ఒత్తిడి, ఒడియా ఒత్తిడి ఒకేలా పనిచేస్తాయా లేదా అన్నది ఈ పోలికలో తేలుతుంది. నాకు ఒడియా రాదు. ఆరు నెలలుగా నేర్చుకుంటున్నాను, మొదటి ఏడాది చివరికి అనువాదకులు లేకుండా మాట్లాడగలగాలి. మొత్తం నలభై గంటల సహజ సంభాషణ రికార్డు చేసి, అందులో పదిహేను గంటలకు ఎలాన్ అనే సాఫ్ట్‌వేర్‌లో పదచ్ఛేదం, అర్థం, అనువాదం రాస్తాను.

లిపి సంగతి తేలికైనది కాదు. నీళ్ళు అనే మాట పలికేటప్పుడు అచ్చు మధ్యలో గొంతు ఒక్క క్షణం మూసుకుని తెరుచుకుంటుంది. తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు. 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమంలో సవర వాచకాలు తెలుగు లిపిలోనే వచ్చాయి, మా పిల్లలు చదవగలిగేది అదే. ఒడిశాలో మంగై గొమాంగొ 1936లో సవరకు సొంత లిపి రూపొందించారు. అక్కడి పెద్దలకు అది గౌరవచిహ్నం. పరిశోధన కోసం అంతర్జాతీయ ధ్వనిలిపిలో రాస్తాను. ఊరికి ఇచ్చే ప్రతి మాత్రం వాళ్ళు చదువుకునే లిపిలో ఉండాలి. గొంతు మూసుకునే ఆ ధ్వనికి ఏ గుర్తు పెట్టాలో ఊళ్ళోని ఉపాధ్యాయులతో కూర్చుని తేల్చుకోవాలని ఉంది.

ఇంటి మనిషిని కావడం ఈ పనికి నాకున్న బలం, బరువు కూడా అదే. నా ముందు ఎవరూ బిగుసుకుపోరు. నాకు చెప్పకూడదనుకున్నది దాచుకోవడం కూడా వాళ్ళకు కష్టం. మా గూడలో ఒక చావు సందర్భంలో చనిపోయినవారితో మాట్లాడే క్రతువు జరిగింది. ఆ మాటల్లో జంట పదాలు, రోజువారీ మాటలో వినిపించని రూపాలు నిండుగా ఉన్నాయి. నాకు ఎంతో విలువైన సామగ్రి. ఆ ఇంటివారు వద్దన్నారు, రికార్డరు ఆపి సంచిలో పెట్టేశాను. నా సంకలనంలో ఆ రాత్రి లేదు, ఉండదు. ఎవరి మాటలు ఎవరు వినవచ్చో మాట్లాడినవారే నిర్ణయించే పద్ధతిని, అనుమతిని తరువాత వెనక్కి తీసుకునే హక్కుతో సహా, మొదటి రోజు నుంచి పాటిస్తాను.

మీ శాఖకు దరఖాస్తు చేయడానికి కారణం సవర చేరిన కుటుంబమైన ముండా భాషల మీద, క్షేత్ర పరిశోధన మీద అక్కడ జరుగుతున్న పని. నాకు పదనిర్మాణంలో పునాది ఉంది. తరాల మధ్య తేడాను కొలిచే గణాంక పద్ధతుల్లో నేను బలహీనంగా ఉన్నాను. నలభై గంటల మాటల్లో ఏ తేడా నిజమైనదో, ఏది కాకతాళీయమో చెప్పడం మీ దగ్గర నేర్చుకోవాలి.

ఈ ప్రకటనతో పాటు పన్నెండు నిమిషాల రికార్డింగు, దాని పదచ్ఛేదం జతచేస్తున్నాను. మాట్లాడుతున్నది మా నాయనమ్మ. ఎనభై దాటాయని మా అంచనా. ఇది దూరంగా ఉన్న పెద్ద చదువుల వాళ్ళు వింటారని చెప్పి అనుమతి అడిగాను. “వాళ్ళకు సవర వచ్చా?” అని అడిగింది. రాదన్నాను. “అయితే మెల్లగా మాట్లాడతాను” అంది. రికార్డింగు మొదటి రెండు నిమిషాల్లో ఆమె మామూలు కన్నా నెమ్మదిగా మాట్లాడటం మీరు గమనిస్తారు. తరువాత పక్కింటావిడ రావడంతో ఆ సంగతి మరిచిపోయింది. నామం క్రియలో ఒదిగిన రూపాలు అక్కడి నుంచే మొదలవుతాయి.