డిష్‌వాషర్ వాసన వస్తోందా? ముందు అడుగున ఉన్న ఫిల్టర్ తీసి చూడండి

అనంతపురంలో మా ఇంటికి డిష్‌వాషర్ వచ్చిన మొదటి వేసవిలోనే ఒక మధ్యాహ్నం మా అత్తయ్య స్టీలు గ్లాసు నోటి దాకా తెచ్చుకుని ఆగిపోయారు. "ఇదేమిటమ్మా, కడిగిన గ్లాసు నీచు వాసన వస్తోంది?" అన్నారు. చూడటానికి గ్లాసు అద్దంలా మెరుస్తోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం మూడు రోజుల నాటి అంట్ల వాసన. ఆ సాయంత్రమే నిమ్మ వాసన వచ్చే బిళ్ల ఒకటి కొని లోపల తగిలించాను. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు నిమ్మ, నీచు కలిసి ఇంకా భరించలేని వాసన మొదలైంది.

ఆ రోజు కింది అర బయటికి లాగి, అడుగున ఉన్న ఫిల్టర్ మొదటిసారి తీశాను. జాలీకి అంగుళం మేర బూడిద రంగు జిడ్డు పట్టింది. అందులో ఆవాలు, కరివేపాకు ఈనెలు, వేరుశనగ పొట్టు, చింతపండు పీచు, ఎండి మళ్లీ నానిన సంగటి ముద్ద. అప్పటిదాకా మా గిన్నెలన్నీ ఆ ముద్దలోంచి వచ్చే నీళ్లతోనే మెషీన్ కడిగిందన్నమాట. డిష్‌వాషర్ ప్రతిసారీ కొత్త నీళ్లు పోసుకుంటూ ఉండదు. ఒక్కో దశకు కొన్ని లీటర్లు తీసుకుని, వాటినే ఫిల్టర్ గుండా మళ్లీ మళ్లీ పైకి చిమ్ముతుంది. ఫిల్టర్ కుళ్లితే గిన్నెలకు ఆ వాసన అంటక తప్పదు. అందుకే సెంటు బిళ్లల మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి. లోపల మిగిలిన తిండిని చేత్తో తీసేయడం తప్ప వేరే మందు లేదు.

మొదలుపెట్టే ముందు స్విచ్ ఆపి ప్లగ్గు తీసేయండి. అప్పుడే వాడి ఉంటే లోపల చల్లారనివ్వండి. కింది అర పూర్తిగా బయటికి తీసేస్తే అడుగున గ్లాసు ఆకారంలో ఒక గొట్టం కనిపిస్తుంది. చాలా మోడళ్లలో దాన్ని ఎడమవైపు తిప్పితే ఊడి వస్తుంది, దానితోపాటు చదునైన జాలీ కూడా వస్తుంది. రెండింటినీ విడదీసి, వేడి నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి పావుగంట నానబెట్టండి. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో లోపలి నుంచి బయటికి రుద్ది, కుళాయి ధార కింద పట్టండి. స్టీలు పీచు వాడవద్దు. సన్నటి జాలీ చిరిగితే తిండి ముక్కలు నేరుగా పంపులోకి పోతాయి.

ఫిల్టర్ ఉన్న గుంటలో కొద్దిగా నీళ్లు నిలిచి ఉంటాయి. అది మామూలే, చెడిపోయిందని కంగారు పడనక్కర్లేదు. గుంటలో చెయ్యి పెట్టే ముందు మాత్రం గాజు పెంకులు ఉన్నాయేమో చూడండి. పాత గుడ్డతో జిడ్డు తుడిచేయండి. ఫిల్టర్ తిరిగి పెట్టాక కుడివైపు తిప్పి, కదలకుండా బిగుసుకుందో లేదో పట్టుకుని చూడండి. వదులుగా ఉంటే, కడిగిన శ్రమంతా వృథా.

ఇక నీళ్లు చిమ్మే రెక్కలు. కింది రెక్క సాధారణంగా పైకి లాగితే వస్తుంది. పై రెక్కకు మధ్యలో ఒక మర ఉంటుంది, దాన్ని తిప్పి తీయాలి. మీ మోడల్ వేరుగా ఉంటే పుస్తకం చూడండి, బలవంతంగా లాగితే ప్లాస్టిక్ విరుగుతుంది. రెక్కను కిటికీ వెలుగుకు అడ్డంగా పెట్టి ఒక్కో రంధ్రాన్నీ చూడండి. మా ఇంట్లో ఎప్పుడూ దొరికేది వేరుశనగ పొట్టు. పచ్చడి రుబ్బిన జార్‌కు అంటుకున్న ఆ ఎర్రటి పొర రంధ్రానికి లోపలి నుంచి మూతలా అతుక్కుంటుంది. పళ్ల పుల్లతో దాన్ని లోపలికి తోయకుండా బయటికి లాగాలి. సూది, మేకు వద్దు, రంధ్రం వెడల్పయితే నీటి ధార వేగం పోతుంది. తర్వాత రెక్క మధ్యలో ఉన్న కన్నంలోంచి నీళ్లు పోసి, అన్ని రంధ్రాల నుంచీ వస్తున్నాయో లేదో గమనించండి. ఊపితే లోపల గలగలమంటే ఇంకా ఏదో ఉన్నట్టే.

మన బోరు నీళ్లతో ఇంకో చిక్కు ఉంది. రంధ్రాల అంచున తెల్లగా సున్నం పేరుకుంటుంది. గోరువెచ్చని నీళ్లలో వెనిగర్ గానీ నిమ్మ ఉప్పు గానీ కలిపి, రెక్కను అరగంట ముంచితే అది మెత్తబడుతుంది. అడుగున ఉప్పు పోసే అర ఉన్న మెషీన్ అయితే దాన్ని ఖాళీగా ఉంచకండి. అందులో డిష్‌వాషర్ ఉప్పే పోయాలి, వంట ఉప్పు కాదు.

ఫిల్టర్ కడిగినా వాసన తగ్గలేదంటే నేను ముందు అనుమానించేది తలుపు రబ్బరు పట్టీని. ముఖ్యంగా తలుపు కింది అంచు. చిమ్మే నీళ్లు అక్కడిదాకా రావు, గిన్నెలు సర్దేటప్పుడు కారిన పులుసు మాత్రం అక్కడే చేరుతుంది. సబ్బు నీళ్లలో తడిపి పిండిన పాత బనియను గుడ్డతో పట్టీ మడతలను విప్పుకుంటూ తుడవండి. మూలల్లో నల్లగా బూజు ఉంటే మెత్తటి బ్రష్‌తో రుద్దండి. కింది అంచును, కీళ్ల చుట్టూ కూడా తుడిచి, చివర పొడి గుడ్డతో తేమ తీసేయండి. తలుపు మీద నీళ్లు గుమ్మరించవద్దు, లోపల వైర్లు ఉంటాయి.

అన్నీ బిగించాక పై అరలో ఒక కప్పు వెనిగర్ నిలబెట్టి, గిన్నెలు, సబ్బు బిళ్ల ఏమీ లేకుండా అన్నింటికన్నా వేడి ఎక్కువ ఉండే ప్రోగ్రాం ఒకసారి తిప్పండి. బ్లీచింగ్ మాత్రం వద్దు. స్టీలుకు చేటు, పైగా వెనిగర్‌తో కలిస్తే విషవాయువు పుడుతుంది. వెనిగర్ కూడా రోజూ వాడితే రబ్బరు పాడవుతుంది, నెలకోసారి చాలు.

మా ఇంట్లో ఐదుగురం, రోజుకు ఒకసారి మెషీన్ తిప్పుతాం. ఫిల్టర్ ప్రతి ఆదివారం కడుగుతాను, ఆ చేత్తోనే రబ్బరు పట్టీ తుడుస్తాను. మొత్తం పది నిమిషాల పని. పండగలకు చుట్టాలు వచ్చినప్పుడు, సంగటి, మాంసం వండిన వారాల్లో ఫిల్టర్ రెండుసార్లు. రెక్కలు నెలకోసారి తీస్తాను. పై అరలోని గ్లాసుల అడుగున ఇసుకలాంటి నలకలు కనిపిస్తే ఆ నెల గడిచేదాకా ఆగను. ఇద్దరే ఉండి రెండు రోజులకోసారి తిప్పే ఇళ్లలో పదిహేను రోజులకోసారి ఫిల్టర్ సరిపోవచ్చు, కానీ మురికి గిన్నెలు లోపల మూసి ఉంచే ఆ రెండు రోజులే వాసనకు మూలం.

పళ్లేలను ముందే కడగనక్కర్లేదు, మెతుకులు, ఈనెలు గీకి చెత్తబుట్టలో వేస్తే చాలు. సంగటి గిన్నెను మాత్రం నానబెట్టి ముద్ద తీయకుండా లోపల పెట్టనివ్వను. ఎప్పుడూ 50 డిగ్రీల్లోపే తిప్పితే నూనె జిడ్డు గోడలకు పేరుకుంటుంది, వారానికి ఒక్కసారైనా 65 లేదా 70 పెట్టండి. గిన్నెలు తీశాక తలుపు నాలుగు వేళ్ల సందు వదిలి ఉంచండి. ఊరెళ్లేటప్పుడు కూడా అంతే.

ఇంత చేసినా మురుగు వాసన వస్తుంటే వెనకున్న డ్రైనేజీ పైపు చూడాలి. అది నేల మీద వాలి ఉంటే సింకు మురుగు వెనక్కి వస్తుంది. మెకానిక్‌ను పిలిచి, పైపు ముందు సింకు ఎత్తుకు లేచి తర్వాత కిందికి దిగేలా కట్టించండి. మా పక్కింట్లో ఫిల్టర్ తళతళలాడుతున్నా పోని వాసన, పైపు ఎత్తి కట్టిన మర్నాటికి పోయింది.