పచ్చళ్ళ కొనుగోలుదారుల అభిప్రాయాల్లో పదాల లెక్క: ఏప్రిల్ – జూన్ నివేదిక

ఈ 3 నెలల్లో పార్శిల్ అందుకున్నవారు రాసి పంపిన 412 అభిప్రాయాల నుంచి చాలా, కూడా, అసలు, అంటే, మరి, అండి వంటి ఊతపదాలను తొలగించి, మిగిలిన మాటలు ఎన్ని అభిప్రాయాల్లో వచ్చాయో లెక్కించాము. ఒకే అభిప్రాయంలో ఒక మాట ఎన్నిసార్లు వచ్చినా ఒక్కసారిగానే పరిగణించాము. లేదు, కాదు, ఎక్కువ, తక్కువ అనే మాటలను మాత్రం తొలగించలేదు. అవి పోతే ఫిర్యాదుకూ మెప్పుకూ తేడా తెలియదు.

పచ్చడి, పచ్చళ్ళు, పచ్చడిలో వంటి రూపాలన్నిటినీ ఒకే మాటగా కలిపాము. దాదాపు అందరూ రాసేదే కనుక ఆ మాటను పట్టికలో చూపలేదు. మాటల చివరి విభక్తులను, క్రియా ప్రత్యయాలను తొలగించేటప్పుడు ‘కారం’, ‘కారింది’ అనేవి రెండూ ‘కార’ అనే ఒకే మొదలుకు చేరిపోయే ప్రమాదం ఉన్నందున వాటిని చేత్తో విడదీశాము.

| మాట | అభిప్రాయాలు |
|---|---|
| రుచి | 148 |
| ఉప్పు | 97 |
| నూనె | 88 |
| డబ్బా | 81 |
| ఆవకాయ | 76 |
| మూత | 59 |

| పదబంధం | అభిప్రాయాలు |
|---|---|
| రుచి బాగుంది | 67 |
| నూనె కారింది | 43 |
| ఉప్పు ఎక్కువ | 38 |
| మూత వదులు | 31 |
| నువ్వుల నూనె | 22 |

విడి మాటలను మాత్రమే చూస్తే ఉప్పు, నూనె రెండూ తయారీలోని లోపాలుగా కనిపిస్తాయి గానీ, పదబంధాలు చెప్పేది వేరు. నువ్వుల నూనె ప్రస్తావన వచ్చిన 22 అభిప్రాయాలూ మెచ్చుకోళ్ళే. నూనె కారిందని రాసిన 43 మందిలో 30 మంది ఆవకాయ, 9 మంది మాగాయ తెప్పించుకున్నవారు. ఆ 43లో 26 అభిప్రాయాలు మూత గురించి కూడా చెబుతున్నాయి. ఒకరు ఇలా రాశారు: “ఆవకాయకు వంక పెట్టలేం కానీ, పెట్టె విప్పేసరికి నూనె కారి అట్టంతా తడిసిపోయింది.” ఇందులో ‘వంక’ను విడిగా లెక్కిస్తే రుచిపై ఫిర్యాదు అవుతుంది, ‘వంక పెట్టలేం’ అని కలిపి చదివితేనే అది మెప్పు అని తెలుస్తుంది. ఇంత శ్రద్ధగా రాసినవారి మాటను తలకిందులుగా లెక్కగట్టడం వారికి అన్యాయం చేయడమే కనుక, ఇలాంటి పలుకుబళ్ళను విడగొట్టకుండా ఉంచాము.

‘ఉప్పు ఎక్కువ’ అన్న 38లో 27 గోంగూర గురించినవే. ఆవకాయ విషయంలో ఆ మాట 3 చోట్ల మాత్రమే ఉంది. కాబట్టి ఉప్పు పాళ్ళు అన్నిటికీ తగ్గించనక్కర లేదు. గోంగూర కలిపే కొలతను మాత్రం సరిచూడాలి. పైన నూనె తేలేలా నింపే ఆవకాయ, మాగాయ డబ్బాలకు మూత కింద సీలు వేయించి పంపిన తరువాత, ‘నూనె కారింది’, ‘మూత వదులు’ అనే రెండింటినీ జులై అభిప్రాయాల్లో ఇదే పద్ధతిలో మళ్ళీ లెక్కిస్తాము.