Z: డ్రైవ్ నుంచి షేర్‌పాయింట్‌కి: నవంబర్ 22, 23 కటోవర్ ప్లాన్

ఆటోనగర్ ఆఫీసు, గుంటూరు గోడౌన్ స్టాఫ్ అందరికీ నమస్కారం.

2025 నవంబర్ 22, శనివారం సాయంత్రం 6 గంటల నుంచి Z: డ్రైవ్‌లో ఎవరూ ఏదీ సేవ్ చేయలేరు. ఫైళ్లు తెరిచి చూడొచ్చు, అంతే. 24వ తేదీ సోమవారం ఉదయం 9 నుంచి పని మొత్తం షేర్‌పాయింట్‌లోనే జరుగుతుంది. మధ్యలో 39 గంటలు మా చేతిలో ఉంటాయి. ఆ టైమ్‌లో ఎవరు ఏం చేయాలో ఇందులో రాశాను. మీ డిపార్ట్‌మెంట్ పేరు వచ్చిన చోట దయచేసి రెండుసార్లు చదవండి.

ఈ తేదీ ఊరికే పెట్టలేదు. 7న టీడీఎస్, 11న జీఎస్టీఆర్-1, 20న 3బి అయిపోతాయి. నెలాఖరు స్టాక్ లెక్క ఇంకా మొదలుకాదు. అకౌంట్స్ వాళ్లకు కాస్త ఊపిరి అందే శని, ఆదివారాలు నెలలో ఇవే. డిసెంబర్‌కు వాయిదా వేద్దామని కొందరు అడిగారు. Z: డ్రైవ్ ఉన్న పాత సర్వర్‌లో నడుస్తున్నది విండోస్ సర్వర్ 2012 ఆర్2. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2023 అక్టోబర్ 10తోనే ఆగిపోయింది. పైగా ఆగస్టులో ఒక డిస్కు పోయింది. ఇంకో నెల దాని మీద భారం వేయడం నాకు ఇష్టం లేదు.

ఇప్పటివరకు అయిన పని

మొత్తం 610 జీబీలో 2018కి ముందు ఫైళ్లు 230 జీబీ విడిగా ఆర్కైవ్ చేశాం. మిగిలిన 380 జీబీ తొమ్మిది రాత్రుల్లో షేర్‌పాయింట్‌కి కాపీ అయింది. అందుకే శనివారం రాత్రి మొత్తం డేటా మళ్లీ ఎక్కించం. చివరి కాపీ తర్వాత మారినవి, కొత్తగా చేరినవి మాత్రమే వెళ్తాయి. ఇది గంటల పనే.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది. మైగ్రేషన్ టూల్ కొత్త ఫైళ్లను, మారిన ఫైళ్లను పట్టుకుంటుంది కానీ ఇక్కడ మీరు తీసేసిన వాటిని అక్కడ తీసేయదు. 'డీలర్స్' ఫోల్డర్‌కు 'డీలర్స్ 2025' అని పేరు మారిస్తే అక్కడ రెండు ఫోల్డర్లూ మిగులుతాయి. కాబట్టి 17వ తేదీ సోమవారం నుంచి Z:లో పేర్లు మార్చడం, ఫోల్డర్లు జరపడం, డిలీట్ చేయడం ఆపేయండి. కొత్త ఫైళ్లు చేసుకోవచ్చు, ఉన్నవాటిలో మార్పులు చేసుకోవచ్చు.

శనివారం సాయంత్రం

5:30కి అందరూ ఫైళ్లు సేవ్ చేసి మూసేయాలి. సిస్టమ్ షట్‌డౌన్ చేసి వెళ్లండి, లాక్ చేసి వదిలేయొద్దు. ఎక్సెల్ తెరిచి ఉంటే ఆ ఫైలు సరిగ్గా కాపీ కాకపోవచ్చు. 5:45కి ఏ సిస్టమ్‌లో ఏ ఫైలు తెరిచి ఉందో సర్వర్‌లో చూసి, వాళ్లకు ఫోన్ చేస్తాను:

```
Get-SmbOpenFile | Select-Object ClientComputerName, Path
```

సరిగ్గా 6 గంటలకు షేర్‌ను చదవడానికి మాత్రమే వీలయ్యేలా మారుస్తాను:

```
Revoke-SmbShareAccess -Name Data -AccountName Everyone -Force
Grant-SmbShareAccess -Name Data -AccountName Everyone -AccessRight Read -Force
```

ప్లాన్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన నిమిషం ఇదే. నేను ఇదివరకు పనిచేసిన ఒక కంపెనీలో "అలవాటయ్యే దాకా పాతది కూడా ఉండనీ" అని రెండు చోట్లా సేవ్ చేసుకునే వీలు ఉంచారు. రెండు వారాలు తిరక్కుండానే ఒకే రేట్ లిస్టు రెండు రకాలుగా తయారైంది. సేల్స్‌లో ఇద్దరు ఒకే డీలర్‌కు రెండు ధరలు పంపారు. ఏది సరైనదో తేల్చడానికి మూడు రోజులు కూర్చుని ఒక్కో ఫైలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఫైలు పోతే బ్యాకప్ నుంచి తెచ్చుకోవచ్చు, రెండు నిజాలుగా చీలిపోతే మాత్రం ఏ బ్యాకప్పూ ఆదుకోదు. అందుకే "ఐదు నిమిషాలు తెరవండి, ఒక్క ఫైలే" అని ఎవరు అడిగినా తెరవను. దయచేసి ఏమీ అనుకోకండి.

6:15కి ఎక్స్‌టర్నల్ డిస్కులోకి ఆఖరి బ్యాకప్ మొదలవుతుంది:

```
robocopy D:\Data F:\Z-Final /E /COPY:DAT /DCOPY:T /R:1 /W:1 /LOG:F:\z-final.log
```

అది పూర్తయ్యాక మైగ్రేషన్ టూల్‌తో చివరి విడత. రాత్రి నేను ఆఫీసులోనే ఉంటాను. కరెంటు పోతే జనరేటర్ వేయడానికి వాచ్‌మన్ గారితో మాట్లాడాను, డీజిల్ శుక్రవారమే తెప్పిస్తాం.

ఆదివారం

ఉదయం ముందుగా ఫెయిల్ అయిన ఫైళ్ల రిపోర్ట్ చూస్తాను. పేరులో నక్షత్రం గుర్తు, ప్రశ్నార్థకం లాంటివి విండోస్ ముందే ఒప్పుకోదు కాబట్టి వాటితో ఇబ్బంది లేదు. ఫోల్డర్లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోయి, అడ్రస్ మొత్తం 400 అక్షరాలు దాటినవే షేర్‌పాయింట్‌కి ఎక్కవు. అలాంటివి తొలి విడతలో 37 వచ్చాయి, సరిచేశాం.

10 గంటలకు అకౌంట్స్, సేల్స్, పర్చేజ్ నుంచి ఒక్కొక్కరు రావాలి. మధ్యాహ్నం భోజనం ఆఫీసులోనే. ఒక్కొక్కరూ తమ మామూలు లాగిన్‌తోనే 20 ఫైళ్లు తెరిచి, మార్చి, సేవ్ చేసి చూడాలి. నా అడ్మిన్ లాగిన్‌తో చూస్తే అన్నీ తెరుచుకుంటాయి, దాంతో ఏమీ తేలదు. జీతాల ఫోల్డర్ సేల్స్ లాగిన్‌లో కనిపించకూడదు. దాన్ని కూడా పనిగట్టుకుని తెరవడానికి ప్రయత్నించండి.

ఎక్కువ టైమ్ తీసుకునేది రేట్ లిస్టు. మెయిన్ ఎక్సెల్ షీట్ నుంచి 11 కొటేషన్ ఫైళ్లు ధరలు లాక్కుంటాయి. ఆ లింకులన్నీ Z:\Sales\Rates అనే పాత అడ్రస్‌కే ఉన్నాయి. పాత షేర్ ఇంకా చదవడానికి తెరుచుకుంటుంది కాబట్టి లింకు తెగినట్టు కూడా తెలియదు, పాత ధర నిశ్శబ్దంగా వస్తూనే ఉంటుంది. అందుకే ఒక్కో ఫైల్లో లింకు మార్చాక, మెయిన్ షీట్‌లో 6204 బేరింగ్ ధరను ఒక రూపాయి పెంచి, కొటేషన్‌లో ఆ రూపాయి పెరిగిందో లేదో సేల్స్ మేడమ్ కళ్లతో చూసి టిక్ పెట్టాలి. తర్వాత ధర మళ్లీ యథాతథంగా మార్చాలి.

స్కానర్ కూడా పాత సర్వర్ ఫోల్డర్‌లోకే పంపుతోంది. దాన్ని రిసెప్షన్ సిస్టమ్‌కి మారుస్తాను. ఒక బిల్లు స్కాన్ చేసి, అది గుంటూరులో కనిపించేదాకా చూస్తాం.

ట్యాలీ డేటా ఈ మార్పులో లేదు. అకౌంట్స్ సిస్టమ్‌లో ఇప్పుడున్న చోటే ఉంటుంది. నడుస్తున్న ట్యాలీ డేటాను వన్‌డ్రైవ్‌తో సింక్ చేస్తే ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. ఎవరూ దాన్ని అటు లాగొద్దు.

సాయంత్రం 4 గంటలకు ఎండీ గారు, నేను కలిసి నిర్ణయం తీసుకుంటాం. రేట్ లిస్టు, జీతాల ఫోల్డర్, స్కానర్: ఈ మూడింటిలో ఏది కుదరకపోయినా వెనక్కి వెళ్తాం. Z: మళ్లీ తెరుస్తాను, సోమవారం ఎప్పటిలాగే పని జరుగుతుంది. అప్పటిదాకా వెనక్కి వెళ్లడం ఐదు నిమిషాల పని. సోమవారం మీరు కొత్త చోట సేవ్ చేయడం మొదలుపెట్టాక అంత తేలిక కాదు, ఆ కొత్త ఫైళ్లన్నీ ఏరి తేవాలి. అందుకే సోమవారం వచ్చే సమస్యలను అక్కడే సరిచేస్తాం, Z: తెరవను.

సోమవారం

8:30కే వచ్చి ఒక్కో సిస్టమ్‌లో మీ డిపార్ట్‌మెంట్ ఫోల్డర్‌కు షార్ట్‌కట్ పెడతాను. మొత్తం లైబ్రరీ సింక్ చేయకండి, లక్షా తొంభై వేల ఫైళ్లతో సిస్టమ్ నెమ్మదిస్తుంది. డెస్క్‌టాప్ మీద పాత Z: షార్ట్‌కట్లు నేనే తీసేస్తాను. గుంటూరు గోడౌన్‌లో రెండు సిస్టమ్‌లకు ఫోన్లో చెబుతూ చేయిస్తాను. స్టోర్స్ అన్నయ్య 9 గంటలకు సిస్టమ్ దగ్గర ఉంటే చాలు.

ఫైలు కనిపించకపోతే కొత్తగా తయారు చేయకండి, వేరేవాళ్ల మెయిల్ నుంచి పాత కాపీ తీసుకోకండి. ఫైలు పేరు, చివరిసారి ఎప్పుడు తెరిచారో వాట్సాప్ గ్రూపులో పెట్టండి. బుధవారం దాకా నాకు ఇదే పని. మీ ఫైలు వెతికి ఇచ్చేదాకా మీ పక్కనే కూర్చుంటాను.

పాత సర్వర్ డిసెంబర్ 31 దాకా చదవడానికి మాత్రం ఆన్‌లో ఉంటుంది. ఆఖరి బ్యాకప్ డిస్కు ఎండీ గారి బీరువాలో ఉంటుంది. ఆదివారం ఎవరెవరు వస్తున్నారో 19వ తేదీ బుధవారం సాయంత్రంలోగా నాకు చెప్పండి, భోజనాలు చెప్పాలి.

ఐటీ డిపార్ట్‌మెంట్