నష్టాల షేరును వదలని చెయ్యి

400 రూపాయలకు కొన్న షేరు 240కి పడిపోయినప్పుడు, మదుపరి కంపెనీ లాభాల లెక్కను పక్కనబెట్టి తన కొనుగోలు ధరనే చూస్తూ కూర్చుంటాడు. అమ్మనంతవరకు అది కాగితం మీది నష్టమేనని అతని ఊరట; అమ్మితే తన తప్పు ఖాయమవుతుందని భయం. అంతే మొత్తం లాభం ఇచ్చే ఆనందం కన్నా నష్టం కలిగించే బాధే ఎక్కువని మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వర్‌స్కీ 1979లోనే వివరించారు. అమెరికాలోని ఒక బ్రోకరేజీకి చెందిన 10,000 ఖాతాలను పరిశీలించి ఆర్థిక పరిశోధకుడు టెరెన్స్ ఓడీన్ 1998లో ప్రచురించిన అధ్యయనంలో, మదుపరులు లాభాల షేర్లను త్వరగా అమ్మి, నష్టాల షేర్లను అట్టిపెట్టుకున్నారని తేలింది. విచిత్రమేమిటంటే, అట్టిపెట్టుకున్న వాటికన్నా అమ్మేసినవే తర్వాతి ఏడాదిలో సగటున మెరుగ్గా రాణించాయి. దీనికి అతివిశ్వాసం తోడైతే, ‘నేను ఎంచిన షేరు కదా’ అంటూ సగటు ధర తగ్గించుకోవడానికి 240 దగ్గర మళ్లీ కొంటాడు. ఆ షేరు తిరిగి 400కు చేరాలంటే దాదాపు 67 శాతం పెరగాలన్న లెక్క మాత్రం వేసుకోడు.