టిక్కుకి అర పన్ను

వెనక మూత తీసిన పాత కీ వాచీ ఒకటి ముందు పెట్టుకోండి. అటూ ఇటూ ఊగే చక్రం మీదే ముందు కళ్లు నిలుస్తాయి. అదే బ్యాలెన్స్ వీల్. దాని మధ్యలో జుట్టంత సన్నటి స్ప్రింగ్ చుట్టలు చుట్టుకుని ఉంటుంది. అది హెయిర్‌స్ప్రింగ్. వాచీలో కాలం తెలిసిన భాగాలు ఈ రెండే. మిగతా గేర్లకు తెలిసిందల్లా, కీ ఇస్తే బిగుసుకునే మెయిన్‌స్ప్రింగ్ తోసిన వైపు పరిగెత్తడం. ఆ పరుగును ఆపి, కొంచెం వదిలి, మళ్లీ ఆపే కాపలాదారు ఎస్కేప్‌మెంట్.

ఎవరూ ఆపకపోతే ఏమవుతుందో నేను చేజేతులా చూశాను. నేర్చుకుంటున్న రోజుల్లో, మెయిన్‌స్ప్రింగ్ బిగువు వదలకుండానే ఎస్కేప్‌మెంట్‌లో భాగమైన పలెట్ ఫోర్క్‌ను పట్టి ఉంచే బ్రిడ్జి స్క్రూలు విప్పేశాను. బ్రిడ్జి లేచీ లేవగానే సర్రున ఒక శబ్దం వచ్చింది. ముప్పై గంటల పైచిలుకు నడవాల్సిన కీ కొన్ని సెకన్లలో ఖాళీ అయిపోయింది. పోతూ పోతూ ఫోర్క్ ఇరుసు మొన, అంటే పివట్, ఒకటి విరగ్గొట్టి పోయింది. అందుకే ఫోర్క్ ముట్టుకునే ముందు కీ ఇచ్చే గుండీని, అంటే క్రౌన్‌ను, వేళ్ల మధ్య పట్టుకుని, కీ వెనక్కి తిరగకుండా ఆపే క్లిక్‌ను పక్కకి జరిపి, బిగువంతా మెల్లగా దింపెయ్యాలి.

ముందు ఊగుడు సంగతి. బ్యాలెన్స్‌ను పక్కకి తిప్పితే హెయిర్‌స్ప్రింగ్ దాన్ని వెనక్కి లాగుతుంది. ఎంత దూరం తిప్పితే అంత గట్టిగా లాగుతుంది. కాబట్టి పెద్ద ఊపైనా చిన్న ఊపైనా పట్టే సమయం దాదాపు ఒక్కటే. పెద్ద ఊపుకి దూరం ఎక్కువ, వేగమూ ఎక్కువే. లెక్కలో చెప్పాలంటే:

```
T = 2π√(I/k)
```

`T` ఒక పూర్తి ఊపుకి, అంటే వెళ్లి రావడానికి పట్టే కాలం. `I` చక్రం బరువు దాని అంచు వైపు ఎంత పరుచుకుని ఉందో చెప్పే జడత్వం. `k` స్ప్రింగ్ గట్టిదనం. ఇందులో ఊపు ఎంత పెద్దదన్న మాటే లేదు, గమనించారా? పొద్దున కీ నిండుగా ఉన్నా, రాత్రికి సగం అయిపోయినా వాచీ ఇంచుమించు ఒకే తీరుగా నడిచేది అందుకే. ఇంచుమించు అనే అన్నాను. నిజం వాచీలో నూనె ముదిరి ఊపు మరీ తగ్గితే తేడా బయటపడుతుంది. స్ప్రింగ్‌కి అయస్కాంతం పట్టి చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటే స్ప్రింగ్ పొట్టిదైనట్టే లెక్క, అప్పుడు వాచీ పరుగందుకుంటుంది.

ఊగే చక్రానికి రెండు అవసరాలున్నాయి. రాపిడికి పోయిన శక్తిని ఎవరైనా తిరిగి ఇవ్వాలి, ఊపులు ఎవరైనా లెక్కపెట్టాలి. ఈ రెండు పనులూ ఒకే తాకుడులో చేసేది లివర్ ఎస్కేప్‌మెంట్. 18వ శతాబ్దం నడుమ ఇంగ్లండులో థామస్ మడ్జ్ కనిపెట్టిన ఈ అమరికకు ఇవాళ్టి మెకానికల్ వాచీల్లోనూ పెద్దగా పోటీ లేదు.

ఇప్పుడు ఒక్క టిక్‌ను నెమ్మదిగా చూద్దాం. ఎస్కేప్ వీల్‌కి సాధారణంగా 15 పళ్లు. దాని పక్కన లంగరు ఆకారంలో పలెట్ ఫోర్క్, దాని రెండు చేతులకు రెండు కెంపు రాళ్లు. ఫోర్క్ తోక చివర ఒక గాడి. బ్యాలెన్స్ ఇరుసుకున్న రోలర్ మీద కెంపు పిన్ను ఒకటి నిలబడి ఉంటుంది.

బ్యాలెన్స్ ఊపు చివరిదాకా వెళ్లి వెనక్కి తిరిగింది. ఆ సమయంలో ఫోర్క్ ఒక పక్కకి ఒరిగి ఉంది, ఒక రాయి పంటికి అడ్డంగా నిలబడి చక్రాన్ని పట్టుకుంది. కెంపు పిన్ను గాడిలోకి దూరి గోడను కొడుతుంది. ఫోర్క్ కదిలి, రాయి పంటి కింద నుంచి జారుతుంది. తాళం తీయడం ఇది. ఇక్కడ సరిగ్గా చూస్తే ఎస్కేప్ వీల్ రవ్వంత వెనక్కి జంకుతుంది. రాయి ముఖాన్ని కావాలనే కాస్త వాలుగా అమర్చారు, పన్ను దాన్ని లోపలికి లాగి పట్టుకునేలా. ఆ లాగుడే లేకపోతే చిన్న కుదుపుకే ఫోర్క్ చోటు తప్పుతుంది.

తాళం వీడగానే పన్ను రాయి చివరనున్న ఏటవాలు మీదికి ఎక్కి తోస్తుంది. ఇప్పుడు ఆట తిరగబడింది. ఇందాక పిన్ను ఫోర్క్‌ను నెట్టింది, ఇప్పుడు ఫోర్క్ గాడి రెండో గోడతో పిన్నును నెడుతుంది. ఊయల మీద పిల్లను సరైన క్షణంలో వీపు మీద తట్టినట్టు, బ్యాలెన్స్‌కి ఆ తోపు అందుతుంది. పన్ను రాయి అంచు దాటి జారిపోతుంది, చక్రం ఒక్క క్షణం ఖాళీగా దూకుతుంది, ఇంకో పన్ను వచ్చి రెండో రాయి మీద పడి ఆగిపోతుంది. ఫోర్క్ అవతలి పక్కకి ఆనుకుంటుంది. చెవికి ఒక్క టిక్‌గా వినిపించేది నిజానికి పిన్ను తగిలిన చప్పుడు, పన్ను ఏటవాలును తాకిన చప్పుడు, పన్ను తాళం మీద పడ్డ చప్పుడు కలిసి.

పిన్ను గాడి దాటాక బ్యాలెన్స్‌ను తాకేవాళ్లే లేరు. నాకు ఈ అమరికలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. ఊపు మధ్య నుంచి ఒక్కో పక్కకి 280 డిగ్రీలనుకుంటే ఒక టిక్‌లో చక్రం 560 డిగ్రీలు తిరుగుతుంది. ఫోర్క్‌తో పని ఉండేది సుమారు 52 డిగ్రీల్లోనే. అదీ చక్రం గరిష్ఠ వేగంతో పోయే నడిమి భాగంలో. గంటకు 18,000 టిక్‌ల వాచీలో ఒక్కో టిక్ 0.2 సెకను. అందులో తాకుడు సుమారు 0.012 సెకను. మిగతా సమయమంతా స్ప్రింగూ చక్రమే.

ఇక భాగహారం. ఒక టిక్‌కి ఎస్కేప్ వీల్ కదిలేది అర పన్ను మాత్రమే, 12 డిగ్రీలు. ఈ రాయి వదిలిన పంటిని ఆ రాయి పట్టుకోదు, ఎదురుగా వస్తున్న వేరే పంటిని పట్టుకుంటుంది మరి. కాబట్టి 15 పళ్ల చక్రం ఒక చుట్టు తిరగాలంటే 30 టిక్‌లు. సెకనుకు 5 చొప్పున 6 సెకన్లు. సెకన్ల ముల్లు మోసే చక్రానికి 70 పళ్లు, ఎస్కేప్ వీల్ ఇరుసు మీదుండే చిన్న పళ్లచక్రం పిన్యన్‌కి 7 పళ్లు ఉంటే ఎస్కేప్ వీల్ 10 చుట్లు తిరిగేసరికి అది ఒక్కటి తిరుగుతుంది. 60 సెకన్లు! అక్కడి నుంచి నిమిషాల ముల్లుకి 60కి ఒకటి, గంటల ముల్లుకి 12కి ఒకటి. రోజుకి 4,32,000 టిక్‌లు. మీ వాచీ రోజుకో నిమిషం వెనకబడితే అందులో 300 తక్కువైనట్టు. గంటకు 28,800 టిక్‌ల వాచీలో సెకనుకి 8 టిక్‌లు, అందుకు తగ్గట్టు పళ్ల లెక్క మారుతుంది.

టిక్‌లు సమానంగా లేక "టిక్‌టాక్... టిక్‌టాక్" అని కుంటుతుంటే, బ్యాలెన్స్ ఆగి ఉన్నప్పుడు కెంపు పిన్ను ఫోర్క్ ఇరుసుకూ బ్యాలెన్స్ ఇరుసుకూ మధ్య గీతలో లేదన్నమాట. హెయిర్‌స్ప్రింగ్ బయటి కొసను పట్టుకునే స్టడ్ హోల్డర్ కదిలే రకమైతే వెంట్రుకవాసి జరిపి సరిచెయ్యచ్చు. కదలని రకమైతే హెయిర్‌స్ప్రింగ్ లోపలి కొసను ఇరుసుకు బిగించే కాలెట్‌ను తిప్పాలి. ఆ పని కొత్తవాళ్లకి వద్దంటాను, స్ప్రింగ్ ఒక్కసారి వంగితే పోయినట్టే.

పనికిరాని వాచీ మూవ్‌మెంట్ ఒకటి దొరికితే ఈ లెక్క చేత్తో చూడొచ్చు. బ్యాలెన్స్ తీసి పక్కన పెట్టండి, ఫోర్క్‌ని మాత్రం తియ్యకండి. కీ రెండు మూడు క్లిక్కులు మాత్రం ఇవ్వండి. ఎస్కేప్ వీల్ పంటి ఒకదాని మీద మార్కర్‌తో చుక్క పెట్టి, కర్ర పుల్ల మొనతో ఫోర్క్ తోకను మెల్లగా నెట్టండి. కొంచెం నెట్టగానే మీ చేతిలోంచి లాక్కున్నట్టు టక్కున అవతలికి వెళ్లిపోతుంది. మళ్లీ ఇటు నెట్టండి. ముప్పై సార్లయ్యేసరికి చుక్క మొదట ఉన్న చోటికే వస్తుంది.