నెయ్యి మునిగింది, ఐసు తేలింది

సంక్రాంతికి తెనాలిలో అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్ళాం. భోగికి ముందు రోజు అమ్మమ్మ సున్నుండలకి మూకుడులో నెయ్యి కరిగిస్తోంది. పక్కనే నేను లహరి నుదుటికి ఐసు పెడుతున్నాను. గాలిపటం కోసం పరిగెత్తి గుమ్మానికి గుద్దుకుంది. వాపు తగ్గాక మిగిలిన రెండు ఐసు ముక్కల్ని నీళ్ళ గిన్నెలో పడేశాను.

మా చింటూ నాలుగో తరగతి. వాడు కాసేపు మూకుడులోకి, కాసేపు గిన్నెలోకి చూశాడు.

"అక్కా, నెయ్యి గడ్డ కిందకి పోయిందేంటి?"

చూశాను. నిజమే. కరిగిన నెయ్యి అడుగున ఇంకా కరగని గడ్డ కూర్చుని ఉంది.

"గట్టిపడిన నెయ్యి బరువెక్కువ. అందుకని మునిగింది."

"మరి గట్టిపడిన నీళ్ళు?"

"ఐసు తేలిక. అందుకే తేలుతుంది."

"అదీ నీళ్ళే కదా! గడ్డ కడితే బరువు ఎక్కడికి పోయింది?"

నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. నేను ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. హైడ్రోజన్ బంధాల మీద నాలుగు మార్కుల ప్రశ్న కళ్ళు మూసుకుని రాసేస్తాను. కానీ వాడి ప్రశ్నకి నా దగ్గరున్న జవాబంతా, తేలికది తేలుతుంది అని చెప్పడమే. అది జవాబు కాదని వాడికి తెలిసిపోయింది.

"బరువు ఎక్కడికీ పోలేదురా. చోటు పెరిగింది. అదే బరువు ఎక్కువ చోటులో పరుచుకుంటే తేలికైనట్టే కదా."

"చోటు ఎందుకు పెరిగింది?"

"సాయంత్రం చెప్తా. డాబా మీదకి అందర్నీ పిలు. తలో తువ్వాలు తెచ్చుకోమను."

వాడు వెళ్ళేలోపే ఆపి, పక్కలు నిటారుగా ఉన్న ఒక ప్లాస్టిక్ డబ్బా వాడికిచ్చాను. స్కేలు పెట్టి సరిగ్గా 11 సెంటీమీటర్ల దగ్గర స్కెచ్ పెన్నుతో గీత గీసి, అంతవరకు నీళ్ళు పోసి, వాడి చేతే ఫ్రీజర్‌లో పెట్టించాను.

సాయంత్రానికి డాబా మీద లహరి, మౌనిక, పక్కింటి ముగ్గురు, నేను, మొత్తం ఆరుగురం చేరాం. చింటూని అంపైర్‌ని చేశాను. అందరం నడుముకి వెనకవైపు తువ్వాలు దోపుకుని, రెండు కొసలు వేలాడేలా వదిలాం.

"మనం ఒక్కొక్కళ్ళం ఒక నీటి అణువు. ఒళ్ళు ఆక్సిజన్, రెండు చేతులు రెండు హైడ్రోజన్లు. ఆక్సిజన్‌కి ఎలక్ట్రాన్ల మీద ఆశ ఎక్కువ. చేతుల దగ్గరున్న వాటిని కూడా తనవైపు లాక్కుంటుంది. ఎలక్ట్రాన్లకి ఉండేది మైనస్ కదా, అవి దూరం జరిగేసరికి చేతులకి కొంచెం ప్లస్ మిగులుతుంది."

"తువ్వాలు ఎందుకు మరి?" అంది లహరి, నుదురు తడుముకుంటూ.

"ఆక్సిజన్ దగ్గర ఎవరితోనూ పంచుకోని ఎలక్ట్రాన్ జంటలు రెండుంటాయి. అవే ఈ రెండు కొసలు. అక్కడ మైనస్. ప్లస్‌కి మైనస్ కావాలి. కాబట్టి నీ చెయ్యి పక్కవాళ్ళ తువ్వాలు కొస పట్టుకోవాలి. చెయ్యీ చెయ్యీ పట్టుకోకూడదు, కొసా కొసా ముడేయకూడదు. ఒక కొసకి ఒకటే చెయ్యి. ఆ పట్టే హైడ్రోజన్ బంధం."

సుద్దముక్కతో నేల మీద గుండ్రంగా గీశాను, ఆరుగురం ఇరుకుగా పట్టేంత.

"ఇప్పుడు మనం నీళ్ళు. కదులుతూనే ఉండాలి. దొరికిన కొస పట్టుకోండి, వెంటనే వదిలి ఇంకోటి పట్టుకోండి."

ఒకటే గోల. ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు, మోచేతులు వంగిపోతున్నాయి, ఖాళీ దొరికితే ఎవరో ఒకరు దూరిపోతున్నారు. అయినా ఎవ్వరూ గీత దాటలేదు. నిజం నీళ్ళలో ఒక పట్టు నిలిచేది సెకనులో లక్ష కోట్లో వంతు, అటూ ఇటూగా. ఇది చెప్తే చింటూ లక్ష కోట్లకి ఎన్ని సున్నాలో వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"అంపైర్, 'ఫ్రీజర్' అను!"

"ఫ్రీజర్!"

"ఎవరూ తోసుకోవద్దు. చెయ్యి వంచకుండా పూర్తిగా చాపి, ముందున్నవాళ్ళ కొస పట్టుకోండి. పట్టుకుంటే వదలకూడదు. రెండో చెయ్యి గుంపు బయటికి చాపండి."

ఆరుగురం గొలుసుకట్టుగా తిరిగి, ఆరో మనిషి చెయ్యి మొదటి మనిషి కొస దగ్గరికి వచ్చేసరికి ఆరు మూలల ఉంగరం తయారైంది. సుద్దగీత మా పాదాల లోపలికి వచ్చేసింది. మేం బయట ఉన్నాం.

చింటూ ఎవరూ చెప్పకుండానే చేతుల కింద నుంచి దూరి, మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"అక్కా, ఇక్కడంతా ఖాళీ!"

నాకు ఒళ్ళు జలదరించింది. పుస్తకంలో ఆ షడ్భుజాల బొమ్మ ఎన్నిసార్లు గీశానో. మధ్యలో ఖాళీని మాత్రం ఒక్కసారీ చూడలేదు.

"అదేరా! ఐసులో ఒక్కో అణువు చుట్టూ నలుగురు. రెండు చేతులతో ఇద్దర్ని పట్టుకుంటుంది, రెండు కొసల్ని ఇంకో ఇద్దరు పట్టుకుంటారు. కొందరు పక్కన, కొందరు పైనా కిందా. అందరూ చేతులు చాపి నిలబడాలి కాబట్టి దగ్గరికి జరగడానికి లేదు. మధ్యలో ఖాళీ అలాగే ఉండిపోతుంది."

"నెయ్యికి చేతులు లేవా?"

"ఇలాంటివి లేవు. నెయ్యి అణువులు పొడుగాటి పుల్లల్లాంటివి. వేడిగా ఉంటే చిందరవందరగా పడి ఉంటాయి. చల్లబడితే కందికట్టెల మోపులా దగ్గరగా సర్దుకుంటాయి. మోపు కడితే చోటు తగ్గుతుందా, పెరుగుతుందా?"

"తగ్గుతుంది. అందుకే మునిగింది!" అని లేచాడు. లేవడంలో మౌనిక తువ్వాలు లాగేశాడు. ఉంగరం విడిపోయి అందరూ ఒక్కసారిగా గీత లోపలికి వచ్చిపడ్డారు.

"ఐసు కరిగిందోచ్!" అని అరిచాడు.

భోగిమంట దగ్గర్నుంచి వస్తూనే వాడు ఫ్రీజర్ తలుపు తీశాడు. డబ్బాలో ఐసు గీత దాటి పైకి లేచి ఉంది, మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా. స్కేలు పెట్టి చూస్తే దాదాపు 12.

"11 పోస్తే 12 అయింది," అన్నాడు. డబ్బా పక్కల మీద నీళ్ళు పోసి ఐసు దిమ్మని విడిపించి, బకెట్‌లో వేశాడు. దిమ్మ మునిగి, పైకి లేచి, అడ్డంగా తిరిగి, ఒక పల్చటి పట్టీ మాత్రం నీళ్ళ పైన ఉంచి నిలబడింది.

"ఎంత బయటుంది?"

"పన్నెండు వంతుల్లో ఇంచుమించు ఒకటి," అన్నాను. "తన బరువెంతో అంత నీటిని పక్కకి తోస్తే చాలు, తేలుతుంది. అంటే నీళ్ళుగా ఉన్నప్పుడు ఎంత చోటు పట్టిందో అంతే మునిగింది. పైన కనిపించేది చేతులు చాపడం వల్ల కొత్తగా పెరిగిన చోటు."

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక చెంబు తీసుకుని బకెట్‌లో ఇంకాస్త, ఇంకాస్త నీళ్ళు పోశాడు, అంచు దాకా. ఇంకో చుక్క పోస్తే పొర్లేలా ఉంది. దిమ్మ అంచుకి పైన తేలుతోంది.

"అక్కా, ఇది కరిగితే పొర్లుతుందా?"

"నువ్వే చెప్పు."

వేళ్ళు చూసుకున్నాడు, బకెట్ చూశాడు, రెండు చేతులు చాపి మళ్ళీ ముడిచాడు.

"పొర్లదు. చేతులు ముడుచుకుని మునిగిన చోట్లోనే పట్టేస్తారు."

అమ్మమ్మ సున్నుండ ఇస్తానని పిలిచినా లేవలేదు. పీట తెచ్చుకుని బకెట్ పక్కనే కూర్చున్నాడు. ఎండ పెరట్లోకి వచ్చింది. దిమ్మ చిన్నదై, నిమ్మకాయంతై, ఉసిరికాయంతై మాయమైంది. వాడు బకెట్ చుట్టూ గచ్చు మీద అరచేయి రాసి చూశాడు.

"పొడిగా ఉంది!" అని అరుస్తూ అమ్మమ్మ దగ్గరికి పరిగెత్తాడు.