నాన్న నంబరు

చాంగీ విమానాశ్రయం ఒకటో టెర్మినల్‌లో సామాన్లు తీసుకుని అద్దాల తలుపు దాటేసరికి ఉదయం ఆరు నలభై. నా గడియారంలో మాత్రం ఇంకా నాలుగూ పదే. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందుంటుందని అమ్మాయి ఎన్నిసార్లు చెప్పిందో! విజయనగరంలో ఈ వేళకు పాలవాడు కూడా లేచి ఉండడు.

బయట కంచె పట్టుకుని నిలబడ్డవాళ్లలో అల్లుడు కనిపించలేదు.

"తలుపు దాటగానే ఎదురుగా ఉంటాను అత్తయ్యగారూ, మీరు ఎటూ కదలకండి" అని రెండుసార్లు చెప్పిన మనిషి. మాట తప్పేవాడు కాదు. తోపుడుబండిని ఒక స్తంభం పక్కకు చేర్చి ఫోను తీశాను. సిగ్నల్ గీతలు ఉండాల్సిన చోట ఏమీ లేదు. అత్యవసర కాల్స్ మాత్రమే అని చిన్న అక్షరాలు. అల్లుడికి చేస్తే కాల్ వెళ్లలేదు. అమ్మాయికీ అంతే. ఆపి మళ్లీ ఆన్ చేశాను. విమానం మోడ్ నొక్కి తీశాను. ఏం చేసినా ఆ అక్షరాలే.

విమానాశ్రయం వైఫై దొరికింది. నంబరు ఇమ్మంటే ఇచ్చాను. ఆ నంబరుకు పంపిన ఓటీపీ కొట్టమంది. ఓటీపీ రావాలంటే సిగ్నల్ ఉండాలి, సిగ్నల్ రావాలంటే రోమింగ్ పనిచేయాలి, అది ఎందుకు ఆగిందో తెలియాలంటే అబ్బాయితో మాట్లాడాలి, మాట్లాడాలంటే వైఫై కావాలి. ముప్పై ఒక్క ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన దాన్ని. ఎటునుంచి మొదలుపెట్టినా తేలని లెక్క అది.

దూరంగా సమాచార కేంద్రం కనిపిస్తోంది. కానీ నేను అటు వెళ్లిన క్షణంలోనే అల్లుడు వచ్చి, నన్ను వెతుక్కుంటూ మరోవైపు వెళ్లిపోతే? కదలలేకపోయాను.

ఏడు దాటాక బయట మెల్లగా తెల్లవారింది. అమ్మాయికి ఇంకా పన్నెండు రోజుల గడువు ఉంది. ఉన్నా, మొదటి కాన్పు. నా పెట్టెలో కాయం సీసా, ఉతికి ఉతికి మెత్తబడిన నేతచీరలు నాలుగు ఉన్నాయి. పసిబిడ్డ కింద పరవడానికి అంతకంటే మంచి బట్ట లేదని నా నమ్మకం. ఆ పెట్టె మీద చెయ్యి వేసుకుని, వచ్చే ప్రతి మొహాన్నీ చూస్తూ నిలబడ్డాను. పైన బోర్డుల మీద నాలుగు భాషలు. తమిళ అక్షరాలు తెలిసినట్టే ఉంటాయి, కూడబలుక్కుంటే ఒక్కటీ పలకదు. అప్పుడు వచ్చింది ఏడుపు.

"ఎన్న అమ్మా?"

తోపుడుబండ్లు వరుసగా పేర్చి తోసుకెళ్తున్న పెద్దాయన. అరవై దాటి ఉంటాయి. నా తెలుగు ఆయనకు ఎంత అర్థమైందో, ఆయన తమిళం నాకు ఎంత అర్థమైందో చెప్పలేను. ఫోను చూపించి, పొట్ట మీద చెయ్యి పెట్టి "అమ్మాయి" అన్నాను. "బయపడాదీంగ" అన్నాడు. ఆ మాటకు అనువాదం అక్కర్లేదు. బండ్ల వరుసను గోడవారగా ఆపి తన ఫోను నా చేతిలో పెట్టాడు.

అల్లుడి నంబరుకు చేశాం. మోగి మోగి ఆగిపోయింది. అమ్మాయి నంబరుకు చేశాం. అదీ అంతే. మళ్లీ రెండింటికీ. కొత్త నంబరు చూసి తీయడం లేదేమో అన్నట్టు ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇండియా, ఇండియా అంటే, వాట్సాప్ తెరిచి అబ్బాయి నంబరు చెప్పమన్నాడు. ఒక్కో అంకె చదివాను. హైదరాబాదులో అప్పుడు తెల్లవారుజాము అయిదు, వాడు నిద్రలో ఉన్నాడు. రెండోసారికి ఎత్తాడు.

"అమ్మా! నువ్వా? ఇదెవరి నంబరు?"

"నా ఫోను పనిచేయడం లేదు నాన్నా. బావ రాలేదు. వాళ్లిద్దరూ ఫోను తీయడం లేదు."

"రోమింగ్ పాక్ నిన్న సాయంత్రమే వేశానమ్మా. డబ్బులు కూడా కట్ అయ్యాయి. ఉండు, చూస్తాను."

కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత వాడి గొంతు చిన్నబోయింది.

"అమ్మా... పాక్ నాన్న నంబరు మీద పడింది."

మా రెండు సిమ్‌లూ ఒకే రోజు ఒకే దుకాణంలో తీసుకున్నవి. చివరి అంకె ఒక్కటే తేడా. ఆయన పోయి రెండేళ్లు. ఆ సిమ్ నా ఫోనులోనే రెండో గదిలో ఉంది. మొదట్లో ఆన్‌లోనే ఉంచాను. కానీ మాస్టారు ఉన్నారా అని ఎవరో ఒకరు చేసేవారు. ప్రతిసారీ ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చేది. ఒకరోజు చెప్పలేక సిమ్‌ను సెట్టింగుల్లో ఆఫ్ చేశాను. రీచార్జి మాత్రం ఎప్పుడూ మానలేదు. మానేస్తే కొన్నాళ్లకు ఆ నంబరు ఇంకెవరికో ఇచ్చేస్తారట. ఆ నంబరుకు వేరే ఎవరో హలో అనడం నేను భరించలేను.

"నీ నంబరుకు ఇప్పుడే ఇంకో పాక్ వేస్తానమ్మా. పది నిమిషాలు ఓపిక పట్టు" అన్నాడు అబ్బాయి.

"వద్దు. దాన్ని ఎలా ఆన్ చేయాలో చెప్పు."

సెట్టింగులు, సిమ్ కార్డులు, రెండోది ఆన్. కిందికి జరిపితే డేటా రోమింగ్, అదీ ఆన్. కాల్స్ కూడా రెండో సిమ్ నుంచే వెళ్లేలా మార్చమన్నాడు. పెద్దాయన తన ఫోనును నా చెవి దగ్గర పట్టుకుని నిలబడ్డాడు. నేను ఒక్కొక్కటీ నొక్కాను. నెట్‌వర్క్ వెతుకుతున్నట్టు గుండ్రంగా తిరిగింది. చాలాసేపు తిరిగింది. రెండు నిమిషాలే అయి ఉండవచ్చు. ఒక గీత వచ్చింది, తర్వాత మూడు, పక్కన Singtel అని పేరు.

అబ్బాయికి చెప్పి ఆ ఫోను ఇచ్చేసి, అమ్మాయి నంబరు నొక్కాను. రెండు రింగులు కూడా పూర్తి కాలేదు.

అవతల ఊపిరి మాత్రమే వినిపించింది. తర్వాత చాలా మెల్లగా, చిన్నప్పుడు బడి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి పిలిచినట్టు...

"నాన్నా?"

దాని ఫోనులో ఆ పేరు అలాగే ఉందని నాకప్పుడు తెలిసింది.

"నేనే తల్లీ. అమ్మని."

అది ఏడ్చింది. తెల్లవారుజామున మూడింటికి నొప్పులు మొదలయ్యాయట. ఆసుపత్రిలో చేర్చారట. అల్లుడు నా నంబరుకు ఎన్నిసార్లు చేసినా కలవలేదట. ఇప్పుడు కిందికి వెళ్లి కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడట, ఫోను ఇక్కడే మంచం మీద మరిచిపోయి. కొత్త నంబరు నాలుగుసార్లు మోగిందట కానీ తీసే ఓపిక లేక ఊరుకుందట. మధ్యలో మాట తెగిపోయింది. ఫోను తెగలేదు, నొప్పి వచ్చింది. అది తగ్గేవరకు నేనూ ఊపిరి బిగబట్టాను.

"ఆసుపత్రి పేరు చెప్పు. నేను టాక్సీలో వచ్చేస్తాను."

పేరు చెప్పింది. నేను దాన్ని పైకి అన్నాను. పెద్దాయన విని, నా బండి అందుకుని ముందుకు నడిచాడు. టాక్సీల వరుస దగ్గర పెట్టెలు ఎక్కించి, డ్రైవరుకు ఆసుపత్రి పేరు రెండుసార్లు చెప్పాడు. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుని, నా తల మీద ఆశీర్వదిస్తున్నట్టు పెట్టాడు. ఆయన పేరు అడగలేదు. ఫోను చెవి నుంచి తీయలేకపోయాను.

"అమ్మా, పెట్టేయకు" అంది అమ్మాయి. "వచ్చేదాకా మాట్లాడుతూ ఉండు."

పాక్‌లో వంద నిమిషాలు ఉన్నాయని అబ్బాయి చెప్పాడు. రోడ్డుకు రెండువైపులా పెద్ద పెద్ద వానచెట్లు గొడుగులు పట్టినట్టు ఉన్నాయి. వాటి గురించి చెప్పాను. పెట్టెలో ఏమేం తెచ్చానో చెప్పాను. నొప్పి వచ్చినప్పుడల్లా ఆగి, ఒకటి నుంచి లెక్కపెట్టాను. అదీ నాతోపాటు లెక్కపెట్టింది.